కచ్చితమైన కన్వల్యూషన్‌కు ఎఫ్‌ఎఫ్‌టీయా, ఎన్‌టీటీయా?

మూడు లక్షల అంకెలున్న రెండు సంఖ్యలను గుణించే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. యాదృచ్ఛికంగా తయారుచేసిన సంఖ్యలతో రెండు వందల సార్లు పరీక్షిస్తే రెండు వందల సార్లూ సరైన జవాబే వచ్చింది. తర్వాత ఒకరోజు అన్నీ 9లే ఉన్న సంఖ్యను ఇచ్చాను. తప్పు జవాబు వచ్చింది. హెచ్చరిక లేదు, ప్రోగ్రామ్ ఆగిపోలేదు, దశాంశాల చెత్త కూడా లేదు. చూడటానికి శుభ్రమైన పూర్ణాంకమే, కానీ తప్పు. నేను వాడింది ‘రౌండింగ్ తప్పులు అసలే ఉండవు’ అని పేరున్న ఎన్‌టీటీ, అంటే సంఖ్యా సిద్ధాంత రూపాంతరం. రౌండింగ్ తప్పు లేదన్న మాట నిజమే. తప్పు మరో చోట ఉంది.

ఎఫ్‌ఎఫ్‌టీ అనే వేగవంతమైన ఫూరియర్ రూపాంతరం, ఎన్‌టీటీ, ఈ రెండిటిలో ఏది వాడాలని అడిగేవారు సాధారణంగా వేగం గురించి అడుగుతారు. నా అనుభవంలో అంతకంటే పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉంది: ఈ పద్ధతి తప్పితే ఎలా తప్పుతుంది, ఆ సంగతి నాకెలా తెలుస్తుంది?

ముందు పని ఏమిటో చూద్దాం. 123ను 45తో గుణించాలి. చివరి అంకె నుంచి రాస్తే మొదటి జాబితా 3, 2, 1. రెండోది 5, 4. స్థానాలను కలుపుకుంటూ గుణిస్తే 15, 22, 13, 4 వస్తాయి. 22 ఎలా వచ్చిందంటే 3×4 + 2×5. ఈ పనినే కన్వల్యూషన్ అంటారు. దీని తర్వాత మిగుల్తున్న పదులను పక్క స్థానానికి మోసుకుపోతే 5535 వస్తుంది. జాబితాలు పొడవైతే ఇలా నేరుగా చేయడం కుదరదు. పది లక్షల అంకెల సంఖ్యలకు లక్ష కోట్ల గుణకారాలు కావాలి.

ఎఫ్‌ఎఫ్‌టీ దీనికి అడ్డదారి. ప్రతి జాబితానూ ఒక బహుపదిగా భావించి, కొన్ని ప్రత్యేక బిందువుల దగ్గర దాని విలువలు కడుతుంది. ఆ విలువలను జతజతగా గుణించి, తిరిగి జాబితాగా మారుస్తుంది. ఆ బిందువులు వృత్తం మీద సమదూరంలో ఉండే సంకీర్ణ సంఖ్యలు. వాటిని వర్గం చేస్తే సగం బిందువులే మిగులుతాయి. అందుకే పనిని మళ్లీ మళ్లీ సగానికి విడగొట్టవచ్చు. 1965లో కూలీ, ట్యూకీలు ప్రచురించిన పద్ధతి ఇదే.

ఎన్‌టీటీ గ్రహించేది ఏమిటంటే, ఈ అడ్డదారికి వృత్తమూ అక్కర్లేదు, సంకీర్ణ సంఖ్యలూ అక్కర్లేదు. n సార్లు గుణిస్తే 1 అయ్యే, అంతకు ముందు 1 కాని సంఖ్య ఒకటి దొరికితే చాలు. దాన్ని nవ మూలం అంటారు. ఒక ప్రధాన సంఖ్య p తీసుకుని, అన్ని లెక్కల్లోనూ pతో భాగించగా మిగిలిన శేషాన్నే ఉంచుకుంటే, అలాంటి సంఖ్య పూర్ణాంకాల్లోనే దొరుకుతుంది. అయితే p−1ను n నిశ్శేషంగా భాగించాలి. 17ను తీసుకుంటే 4 అలాంటిది: 4, 16, 13, 1. నాలుగో ఘాతం దగ్గర 1కి చేరింది. 1971లో పోలార్డ్ దీన్ని పరిమిత క్షేత్రాలకు వివరంగా రాశాడు.

ఈ 17తోనే 123×45ను చేసి చూద్దాం. బిందువులు 1, 4, 16, 13. మొదటి బహుపది 3 + 2x + x² విలువలు 17తో శేషాలుగా 6, 10, 2, 11. రెండోది 5 + 4x విలువలు 9, 4, 1, 6. జతజతగా గుణించి శేషాలు తీస్తే 3, 6, 2, 15. వెనక్కి మార్చేటప్పుడు 4కు బదులు దాని విలోమం 13ను వాడి, చివర నాలుగుతో భాగించాలి. 17 లోకంలో నాలుగుతో భాగించడమంటే 13తో గుణించడమే, ఎందుకంటే 4×13 = 52, శేషం 1. అలా చేస్తే 15, 5, 13, 4 వస్తాయి.

రెండో స్థానంలో 22 రావాలి, 5 వచ్చింది. 22ను 17తో భాగిస్తే శేషం 5. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. ఎన్‌టీటీ చెప్పింది నిజమే, కానీ అది చెప్పగలిగేది శేషం వరకే. ఈ జాబితా నుంచి సంఖ్యను కడితే 5365 అవుతుంది. అసలు జవాబుకు 170 తక్కువ, అంటే సరిగ్గా 17×10. ఎన్‌టీటీ తప్పులన్నీ ఇదే తీరు: ఒకటో రెండో కాదు, p అంతో దాని గుణిజమంతో తేడా వస్తుంది. 17 బదులు 41 తీసుకుంటే (అక్కడ 4 స్థానాన్ని 9 తీసుకుంటుంది, 9×9 = 81, అంటే −1) 22 యథాతథంగా వస్తుంది.

నా మూడు లక్షల అంకెల లెక్కలో జరిగింది ఇదే. రెండేసి అంకెలను ఒక్కో స్థానంగా పెట్టి, 998244353 అనే ప్రధాన సంఖ్యను వాడాను. ఒక్కో జాబితాలో లక్షా యాభై వేల స్థానాలు. అన్నీ 99లే అయితే నడిమి స్థానంలో 9801 × 1,50,000, అంటే దాదాపు 147 కోట్లు చేరుతుంది. p విలువ 99.8 కోట్లు మాత్రమే. యాదృచ్ఛిక సంఖ్యల్లో ఒక స్థానపు సగటు 49.5 కాబట్టి అదే నడిమి స్థానం 37 కోట్ల దగ్గరే ఆగుతుంది. అందుకే రెండు వందల పరీక్షలూ దాటిపోయాయి. రెండు వేల సార్లు పరీక్షించినా దాటేవే.

కాబట్టి ఎన్‌టీటీ వాడేవారికి మొదటి పని పరిమితి లెక్క. చిన్న జాబితా పొడవును రెండు వైపులా ఉన్న గరిష్ఠ విలువలతో గుణించాలి. ఆ లబ్ధం p కన్నా తక్కువైతే ఫలితం కచ్చితం, ఇందులో అనుమానం అక్కర్లేదు. ఎక్కువైతే ఆ హామీ లేదు. ఋణ సంఖ్యలుంటే p లో సగంతో పోల్చాలి, ఎందుకంటే సగం పైన వచ్చిన శేషాలను ఋణ విలువలుగా చదువుకోవలసి ఉంటుంది. ఈ లెక్కకు అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం ఖర్చు పెట్టలేదు.

ఇప్పుడు 998244353 సంగతి. ఇది 119 × 2^23 + 1. ఒకటి తీసేస్తే 2^23తో భాగింపబడుతుంది కాబట్టి దాదాపు 84 లక్షల పొడవు వరకు 2 ఘాతాలైన పొడవులన్నిటికీ కావలసిన మూలం దొరుకుతుంది. 3 దీనికి ఆదిమ మూలం, అంటే ఆ మూలాలన్నీ 3 ఘాతాల్లోనే దొరుకుతాయి. 30 బిట్లలో ఇమిడిపోతుంది కనుక రెండు శేషాల లబ్ధం 64 బిట్ల పూర్ణాంకంలో ఇబ్బంది లేకుండా పడుతుంది. పోటీ ప్రోగ్రామింగ్‌లో ఈ సంఖ్య తరచుగా కనిపించడానికి కారణం ఇదే. మొత్తం పద్ధతి పైథాన్‌లో ఇంతే:

```python
MOD = 998244353

def ntt(a, w):
    n = len(a)
    if n == 1:
        return a
    e = ntt(a[0::2], w * w % MOD)
    o = ntt(a[1::2], w * w % MOD)
    r, t = [0] * n, 1
    for k in range(n // 2):
        u = t * o[k] % MOD
        r[k] = (e[k] + u) % MOD
        r[k + n // 2] = (e[k] - u) % MOD
        t = t * w % MOD
    return r

def multiply(a, b):
    size = len(a) + len(b) - 1
    n = 1
    while n < size:
        n *= 2
    w = pow(3, (MOD - 1) // n, MOD)
    fa = ntt(a + [0] * (n - len(a)), w)
    fb = ntt(b + [0] * (n - len(b)), w)
    fc = [x * y % MOD for x, y in zip(fa, fb)]
    c = ntt(fc, pow(w, -1, MOD))
    s = pow(n, -1, MOD)
    return [x * s % MOD for x in c][:size]
```

ఇందులో `t = t * w % MOD` అన్న పంక్తిని గుర్తుంచుకోండి. ఇక్కడ అది నిరపాయకరం: ఎన్ని లక్షల సార్లు గుణించినా శేషం కచ్చితంగానే ఉంటుంది. ఇదే పంక్తిని సంకీర్ణ సంఖ్యలతో ఎఫ్‌ఎఫ్‌టీలో రాస్తే, ప్రతి గుణకారంలోనూ చిన్న దోషం చేరి, తర్వాతి గుణకారానికి వారసత్వంగా వెళుతుంది. పొడవైన జాబితా చివరికి వచ్చేసరికి కొన్ని దశాంశ స్థానాలు పోతాయి. ఎఫ్‌ఎఫ్‌టీలో ప్రతి మూలాన్నీ విడిగా `cos`, `sin`లతో కట్టి పట్టికలో పెట్టుకోవాలి. ‘ఎఫ్‌ఎఫ్‌టీ నమ్మదగ్గది కాదు’ అంటూ నా దగ్గరకు వచ్చిన ప్రోగ్రామ్‌లలో ఎక్కువ వాటిలో దోషం ఈ ఒక్క పంక్తిలోనే దొరికింది.

పొడవు 2^23 దాటితే ఈ ప్రోగ్రామ్ ఏం చేస్తుందో కూడా చెప్పాలి. `(MOD - 1) // n`లో శేషం నిశ్శబ్దంగా కొట్టివేయబడుతుంది, పనికిరాని మూలం వస్తుంది, జవాబు మొత్తం చెత్త అవుతుంది. ఈ తప్పును కనిపెట్టడం సులువే కానీ, ఒక పంక్తి తనిఖీ పెట్టుకుంటే ఆ శ్రమా ఉండదు.

ఎఫ్‌ఎఫ్‌టీ తప్పే తీరు వేరు. డబుల్ రకం సంఖ్యలో 53 బిట్లు, అంటే దాదాపు 16 దశాంశ అంకెలు ఉంటాయి. ఫలితాలు 13 అంకెల దాకా పెరిగితే దశాంశ బిందువు తర్వాత రెండు మూడు అంకెలే నమ్మదగినవిగా మిగులుతాయి. మధ్యలో జరిగే వందల లక్షల కూడికలు వాటిలోనూ కొంత తినేస్తాయి. 22 రావలసిన చోట 21.98 వస్తే దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తాం, బాగానే ఉంటుంది. దోషం 0.5 దాటితే పక్క పూర్ణాంకానికి సవరిస్తాం, అది తప్పు. కానీ ఇక్కడ ఒక మేలుంది: తప్పు తన రాకను ముందే చెబుతుంది. ప్రతి ఫలితం దగ్గరి పూర్ణాంకానికి ఎంత దూరంలో ఉందో చూసి, వాటిలో గరిష్ఠాన్ని నమోదు చేసుకోండి. అది 0.01 అయితే నిశ్చింతగా ఉండవచ్చు. 0.3 కనిపిస్తే పొడవు పెంచుతూ పోకుండా ఆగాలి.

మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతికే జింప్స్ ప్రాజెక్టులో వాడే ప్రైమ్95 సరిగ్గా ఈ దూరాన్నే చూస్తుంది. 0.4 దాటితే దోషంగా నమోదు చేస్తుంది. కోట్ల అంకెల సంఖ్యలను వర్గం చేసే ఆ కార్యక్రమం ఎన్‌టీటీని కాక డబుల్ ఎఫ్‌ఎఫ్‌టీని ఎంచుకుందన్న సంగతి, కచ్చితత్వం కావాలంటే ఎన్‌టీటీ తప్ప దారి లేదనుకునేవారు గమనించాలి. ప్రాసెసర్లలో డబుల్ గుణకారానికి ఉన్న యంత్రబలం శేష గుణకారానికి లేదు. శేషం తీయాలంటే మామూలుగా భాగహారం కావాలి, అది నెమ్మది. 1985లో మాంట్‌గొమరీ చెప్పిన పద్ధతి ఆ భాగహారాన్ని తప్పిస్తుంది, అయినా ఒక్కో శేష గుణకారానికి రెండు మూడు మామూలు గుణకారాలు ఖర్చవుతాయి.

పది లక్షల అంకెల గుణకారానికి రెండిటినీ పక్కపక్కన పెడదాం. ఒక్క ప్రధాన సంఖ్యతో ఎన్‌టీటీ అయితే ఒక్కో స్థానంలో ఒక్క అంకే పెట్టాలి. 81 × 10,00,000 అంటే 8.1 కోట్లు, ఇబ్బంది లేదు. రెండు అంకెలు పెడితే 490 కోట్లు దాటి పోతుంది. ఒక్కో అంకెతో రూపాంతరం పొడవు 2^21. ఎఫ్‌ఎఫ్‌టీలో నాలుగేసి అంకెలు పెట్టవచ్చు: రెండున్నర లక్షల స్థానాలు, ఫలితం 13, 14 అంకెలు, పొడవు 2^19. మూలాల పట్టిక సరిగ్గా కట్టి ఉంటే దోషం సురక్షిత పరిధిలోనే ఉంటుంది. ఐదు అంకెలు పెడదామా? ఫలితం 2 × 10^15 దాకా వెళుతుంది, దోషం ప్రమాదపు అంచుకు చేరుతుంది. పైగా పొడవు మళ్లీ 2^19 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే నాలుగు లక్షల ఫలితాలకు అంతకన్నా చిన్న రెండు ఘాతం సరిపోదు. ప్రమాదం పెరిగింది, లాభం ఏమీ లేదు. నేనైతే నాలుగు అంకెల దగ్గర ఆగుతాను.

ఎన్‌టీటీకి మరో దారి ఉంది: రెండు ప్రధాన సంఖ్యలతో రెండు సార్లు చేసి, రెండు శేషాల నుంచి చైనీస్ శేష సిద్ధాంతంతో అసలు విలువను కట్టడం. 998244353తో పాటు 469762049 (7 × 2^26 + 1, దీనికీ ఆదిమ మూలం 3) తీసుకుంటే లబ్ధం 4.69 × 10^17. అప్పుడు ఆరేసి అంకెలు పెట్టవచ్చు, ఫలితం 1.67 × 10^17 లోపే ఉంటుంది, పొడవు 2^19. రెండు సార్లు చేయాలి కానీ పొడవు నాలుగో వంతు అయింది కాబట్టి మొత్తం మీద లాభమే. ఇంత చేశాక కూడా కేవలం పెద్ద సంఖ్యల గుణకారమే మీ అవసరమైతే, ఇవేవీ రాయకుండా జీఎంపీ లైబ్రరీ వాడుకోండి. అది అతిపెద్ద సంఖ్యలకు 2^N + 1 మాడ్యులస్‌తో పనిచేసే షోన్‌హాగ–స్ట్రాసెన్ పద్ధతిని వాడుతుంది. అదీ ఎన్‌టీటీ కుటుంబంలోదే.

ఎక్కువమంది నిజంగా తికమకపడే సందర్భం మరొకటి: జవాబును 10^9 + 7తో శేషంగా ఇవ్వమంటారు. ఇదీ ప్రధాన సంఖ్యే కదా, 998244353 స్థానంలో దీన్నే పెడితే సరి అనిపిస్తుంది. పెట్టలేం. ఒకటి తీసేస్తే 10^9 + 6, అంటే 2 × 500000003. రెండో కారణాంకం కూడా ప్రధాన సంఖ్యే. కాబట్టి రెండు ఘాతాల్లో పొడవు 2కు మించిన రూపాంతరం ఈ మాడ్యులస్‌లో లేనే లేదు.

అప్పుడు రెండు దారులు. లక్షేసి స్థానాలున్న జాబితాలు అనుకుందాం. అసలు విలువ 10^5 × 10^18, అంటే 10^23 దాకా వెళ్లవచ్చు. మొదటి దారిలో పై రెండిటికీ 167772161 (5 × 2^25 + 1) చేర్చి మూడు ప్రధాన సంఖ్యలతో చేయాలి. మూడింటి లబ్ధం 7.8 × 10^25 కన్నా ఎక్కువ, ధారాళంగా సరిపోతుంది. ఒక్కో ప్రధాన సంఖ్యకు మూడు రూపాంతరాలు, మొత్తం తొమ్మిది. చివర విలువను కట్టేటప్పుడు ఆ పెద్ద సంఖ్యను నేరుగా 64 బిట్లలో కట్టలేం. అంచెలంచెలుగా, 10^9 + 7తో శేషం తీసుకుంటూ కట్టాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఈ చివరి మెట్టులోనే.

రెండో దారి ప్రతి విలువనూ 15 బిట్ల దగ్గర విరిచి రెండు ముక్కలు చేసి, డబుల్ ఎఫ్‌ఎఫ్‌టీతో గుణించడం. ముక్కల లబ్ధాల మొత్తం 10^14 దగ్గర ఉంటుంది, అడ్డ లబ్ధాలు రెండు కలిసినప్పుడు దానికి రెట్టింపు. ముక్కలను సంకీర్ణ సంఖ్యల వాస్తవ, కల్పిత భాగాల్లో సర్దితే నాలుగైదు రూపాంతరాలతో పని ముగుస్తుంది. పట్టిక సరిగ్గా కడితే లక్ష పొడవుకు ఇది పనిచేస్తుంది, పొడవు పెరిగే కొద్దీ దోషం కూడా పెరుగుతుంది. సమయం బిగుతుగా ఉండి, పొడవు లక్షల్లోనే ఉంటే నేను దీన్నే వాడతాను. జవాబు తప్పితే సరిదిద్దుకునే అవకాశం లేని చోట, లేదా ఒకే జవాబు వేర్వేరు యంత్రాల మీద రావలసిన చోట మూడు ప్రధాన సంఖ్యలనే వాడతాను. డబుల్ లెక్కల చివరి బిట్లు కంపైలర్‌ను, ప్రాసెసర్‌ను బట్టి మారవచ్చు. శేషాలు మారవు.

కొన్నిసార్లు ఎంపిక మన చేతిలో ఉండదు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణంగా వచ్చిన ఎంఎల్-కెమ్ గూఢలిపి పద్ధతిలో మాడ్యులస్ 3329 అని ప్రమాణమే నిర్దేశించింది, రూపాంతరం కూడా ఎన్‌టీటీయే. 3328 అంటే 2^8 × 13. 256 పొడవు బహుపదులకు అక్కడ కావలసిన 512వ మూలం ఇందులో లేదు. అందుకే ఏడు అంచెల తర్వాత ఆగి, మిగిలిన జతలను నేరుగా గుణిస్తారు. శేషమే కావలసిన జవాబు కాబట్టి అక్కడ పరిమితి లెక్క అవసరమే రాదు.

చిన్న జాబితాల గురించి ఒక్క మాట చాలు. కొన్ని డజన్ల స్థానాల లోపైతే నేరుగా రెండు లూపులతో గుణించండి. ఆ తర్వాత కొంత దూరం కరత్సూబా గుణకార పద్ధతి బాగుంటుంది.

ఇక పరీక్ష. ఎన్‌టీటీ తప్పు p గుణిజమంత ఉంటుందని చూశాం కదా, దానిని పట్టుకోవడానికి p కాని కొలమానం కావాలి. మొదటి జాబితా మొత్తాన్ని రెండో జాబితా మొత్తంతో గుణిస్తే ఫలిత జాబితా మొత్తం రావాలి. మన ఉదాహరణలో 6 × 9 = 54. సరైన జాబితా 15 + 22 + 13 + 4 కూడా 54. తప్పు జాబితా 37. తేడా 17. ఈ పోలికను మాత్రం మామూలు పూర్ణాంకాల్లోనే చేయాలి. 17తో శేషం తీసి చూస్తే 54కీ 37కీ శేషం 3, తప్పు జవాబు దర్జాగా దాటిపోతుంది. అలవాటు కొద్దీ ప్రతి పంక్తిలోనూ `% MOD` రాసేవారు తమ పరీక్షను తామే చెడగొట్టుకునేది ఇక్కడే. ఎఫ్‌ఎఫ్‌టీలో రెండు దోషాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవచ్చు కాబట్టి, ఈ మొత్తానికి బదులు ఏదో ఒక యాదృచ్ఛిక బిందువు దగ్గర మూడు బహుపదుల విలువలనూ మరో పెద్ద ప్రధాన సంఖ్యతో శేషాలుగా కట్టి పోల్చడం మేలు.

యాదృచ్ఛిక సంఖ్యలతో పాటు, అన్నీ 9లే ఉన్న సంఖ్యను దానితోనే గుణించే పరీక్షను తప్పక పెట్టండి. జవాబు ముందే తెలుసు: 999 × 999 = 998001, అదే తీరులో ఎన్ని అంకెలకైనా ముందు 9లు, ఒక 8, తర్వాత సున్నాలు, చివర 1. నా ప్రోగ్రామ్ ఆ రోజు ఇచ్చిన జవాబులో ఆ సున్నాలు ఉండవలసిన చోట ఏవేవో అంకెలు కనిపించాయి. రెండేసి అంకెల స్థానంలో ఒక్కో అంకె పెట్టి, పొడవును 2^19 నుంచి 2^20కి పెంచగానే అవన్నీ సున్నాలయ్యాయి.